రెండు టీమ్‌లు ఒకటైనప్పుడు మొదటి రెండు వారాల్లో ఏం తేల్చుకోవాలి?

నమస్తే. రెండు టీమ్‌లను కలిపి ఒక్కటి చేయమని పైనుంచి మెయిల్ వచ్చింది. రెండిటి పని పద్ధతులూ వేరు. ఆ మెయిల్ అందుకున్న మేనేజర్ కోసం ఈ వీడియో. మొదటి రెండు వారాల్లో రెండు విషయాలు తేలాలి. ఏ విషయంలో ఎవరి మాట చెల్లుతుంది? ఏ అలవాట్లు అందరికీ ఒకటే కావాలి? ఈ రెండూ నానిపోతే తర్వాత ఎన్ని మీటింగులు పెట్టినా మనుషులు పాత గీత దగ్గరే నిలబడి ఉంటారు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే వెళ్దాం. కిరాణా షాపుల కోసం ఆర్డర్ల యాప్ నడిపే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకోండి. మాదాపూర్ ఆఫీసులో ఏడుగురు యాప్, పేమెంట్లు చూస్తారు. ఉప్పల్ ఆఫీసులో ఐదుగురు బిల్లింగ్, డెలివరీ చూస్తారు. ఇప్పుడు పన్నెండుగురూ ఒకే టీమ్, కూర్చునేది మాదాపూర్‌లో.

మాదాపూర్ వాళ్ళు పదకొండుకు వస్తారు, అమెరికా వాళ్ళతో కాల్స్ ఉంటాయి కాబట్టి రాత్రి దాకా పని చేస్తారు. ప్రతి పనికీ టికెట్ ఉండాలి, ప్రతి కోడ్ మార్పునూ ఇద్దరు చూడాలి, రెండు వారాలకోసారే రిలీజ్. ఉప్పల్ వాళ్ళు తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఆరింటికి లేస్తారు. షాపు యజమాని ఫోన్ చేస్తే పక్క సీటు వాళ్ళతో మాట్లాడి అప్పటికప్పుడు సరిచేసి పంపేస్తారు. టికెట్ తర్వాత రాస్తారు, ఒక్కోసారి రాయరు.

ముందు లీడ్‌ల సంగతి. రెండు టీమ్‌లకూ చెరో లీడ్ ఉన్నారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక చాలామంది మేనేజర్లు "ప్రస్తుతానికి ఇద్దరూ కలిసి చూసుకోండి" అంటారు. ఆ మాట అనకండి. దాని ఫలితం వారం లోపే కనిపిస్తుంది. ఉప్పల్ వాళ్ళు సెలవు కావాలంటే ఉప్పల్ లీడ్‌నే అడుగుతారు, మాదాపూర్ వాళ్ళు వాళ్ళ లీడ్‌నే అడుగుతారు. పేరుకు ఒక టీమ్, నడిచేది రెండు. పైగా ఇద్దరు లీడ్‌లూ ఆరు నెలల తర్వాత ఎవరు ఉంటారో, ఎవరు పోతారో అన్న టెన్షన్‌లోనే పనిచేస్తారు.

మరి ఎలా పంచాలి? మనుషుల్ని పంచకండి, విషయాల్ని పంచండి. "మీ ఐదుగురు మీకు, మీ ఏడుగురు మీకు" అంటే పాత గీతను మళ్ళీ గీసినట్టే. మన ఉదాహరణలో మాదాపూర్ లీడ్‌కు పన్నెండుమంది సెలవులు, పని పంపకం, అప్రైజల్, ఈ వారం ఏ పని ముందు అన్న నిర్ణయం ఇచ్చామనుకోండి. ఉప్పల్ లీడ్‌కు పన్నెండుమంది చేసే పనిలోనూ డిజైన్ మీద చివరి మాట ఇచ్చాం. యాప్‌దైనా, బిల్లింగ్‌దైనా, ఏది ఎలా కట్టాలో ఆయన తేలుస్తారు. "ఏది ముందు" ఒకరిది, "ఎలా" ఇంకొకరిది. ఈ రెండూ ఢీకొనే రోజు తప్పకుండా వస్తుంది. ఈ వారమే పంపాలని ఒకరు, ఇలా పంపితే కూలిపోతుందని ఇంకొకరు పట్టుబడతారు. అప్పుడు ఆ విషయం మీ దగ్గరికి రావాలి, మీరు మర్నాటికల్లా తేల్చాలి. ఇది కూడా మొదటి రోజే చెప్పేయండి.

ఈ పంపకంలో ఉప్పల్ లీడ్ కొంత పోగొట్టుకుంటున్నారు. నిన్నటిదాకా ఉప్పల్ టీమ్‌కు ఆయనే మేనేజర్. అందుకని అందరి ముందు చెప్పే ముందు ఆయనతో విడిగా కూర్చోండి. మాటలు ఇలా ఉండొచ్చు: "సర్, సాయంత్రం అందరికీ చెప్పబోతున్నాను, ముందు మీకు చెప్పాలి. సెలవులు, అప్రైజల్ ఇకనుంచి మాదాపూర్ లీడ్ చూస్తారు. డిజైన్ విషయంలో మొత్తం టీమ్‌కూ మీ మాటే చివరిది. మీ హోదా, జీతం మారవు. మీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి." చెప్పాక ఆయన్ని మాట్లాడనివ్వండి. వెంటనే ఒప్పుకోవాలని ఒత్తిడి పెట్టకండి, కానీ ప్రకటన వాయిదా కూడా వేయకండి. హోదా, జీతం గురించి ఆ మాట అనే ముందు హెచ్ఆర్‌తో ఖాయం చేసుకోండి. ఖాయం కాకపోతే ఆ వాక్యం తీసేయండి.

ఇక మిగతా పదిమంది. వాళ్ళ మనసులో మొదటి ప్రశ్న పని గురించి కాదు, అప్రైజల్ గురించి. "ఇన్నాళ్ళు నేను చేసిన పని కొత్త మేనేజర్‌కి తెలీదు కదా, నా రేటింగ్ ఎవరు రాస్తారు?" ఎవరూ పైకి అడగరు, అందరూ అనుకుంటారు. దీనికి సూటిగా జవాబు చెప్పాలి. విలీనం ముందు నెలలకు పాత లీడ్ లిఖితంగా అభిప్రాయం ఇస్తారు, తర్వాతి నెలలకు కొత్త లీడ్ రాస్తారు, రెండూ కలిపే రేటింగ్. పాత లీడ్ ఆ అభిప్రాయం మొదటి వారంలోనే రాసి ఇచ్చేయాలి, ఆరు నెలలు పోతే గుర్తుండదు. అలాగే ఒకచోట సీనియర్ ఇంజనీర్ అన్నది ఇంకోచోట టెక్ లీడ్ కావచ్చు. హోదాలను హడావిడిగా సర్దకండి. ఏ తేదీకి తేలుస్తారో చెప్పండి, ఆ తేదీ దాటనివ్వకండి.

ఇప్పుడు అలవాట్లు. ఇక్కడ చాలామంది అందరినీ గదిలో కూర్చోబెట్టి "మన విలువలు ఏంటి" అని బోర్డు మీద రాయిస్తారు. గౌరవం, నమ్మకం, పారదర్శకత అని వస్తాయి. సోమవారం పొద్దున్న ఎవరు ఏం చేయాలో వాటిలో ఉండదు. దానికి బదులు ఒక పని చేయండి. రెండు వైపులా ఈమధ్య పూర్తయిన ఒక్కో చిన్న పనిని తీసుకుని, అది అడిగినప్పటినుంచి కస్టమర్ చేతికి చేరేదాకా ఎలా నడిచిందో గంటలతో సహా రాయించండి. నియమం ఎలా ఉందో కాదు, నిజంగా ఏం జరిగిందో.

[స్క్రీన్ మీద రెండు కాగితాలు పక్కపక్కన]

ఎడమవైపు మాదాపూర్. సోమవారం టికెట్. బుధవారం కోడ్ రెడీ. మొదటి రివ్యూ గురువారం, రెండోది శుక్రవారం. రిలీజ్ వచ్చే మంగళవారం. కుడివైపు ఉప్పల్. పొద్దున్న పదింటికి షాపు నుంచి ఫోన్. పన్నెండుకు కారణం దొరికింది. మూడింటికి మార్పు వెళ్ళిపోయింది. రివ్యూ దగ్గర ఖాళీ గీత. టికెట్ మర్నాడు.

ఈ కాగితాలు చూడగానే రెండు వైపులా మొహాలు మారతాయి. వాళ్ళకి వీళ్ళు నత్తనడక, వీళ్ళకి వాళ్ళు నిర్లక్ష్యం. అక్కడే ఆపి ఒక ప్రశ్న అడగండి: ఈ పద్ధతి మీకు ఎందుకు వచ్చింది? మాదాపూర్ వాళ్ళు చెబుతారు, ఒకసారి చూసుకోకుండా పంపిన మార్పు వల్ల కొందరికి డబ్బు రెండుసార్లు కట్ అయింది, ఆ రోజునుంచి ఇద్దరు చూడనిదే పంపం అని. ఉప్పల్ వాళ్ళు చెబుతారు, బిల్లు ప్రింట్ కాకపోతే షాపులో జనం క్యూలో నిలబడి ఉంటారు, వచ్చే మంగళవారం అంటే ఆ షాపతను మనల్ని వదిలేస్తాడు అని. రెండూ సరైన కారణాలే. డబ్బు కదిలే చోట నిదానం కావాలి, షాపు ఆగిపోయిన చోట వేగం కావాలి. ఇద్దరికీ మధ్యస్థంగా "ఒకరు చూస్తే చాలు, వారానికోసారి రిలీజ్" అని సర్దేస్తే రెండూ చెడతాయి.

కాబట్టి ఉమ్మడి నియమాలు చేతులు మారే చోట మాత్రమే పెట్టండి. మన పన్నెండుమందికి అలాంటివి మూడు తేలాయి. డబ్బును తాకే కోడ్ అయితే ఇద్దరు చూడాలి, అందులో ఒకరు అవతలి పాత టీమ్ మనిషై ఉండాలి. మిగతా కోడ్‌కు ఒకరు చాలు. రివ్యూ అడిగితే పని వేళల్లో నాలుగు గంటల్లోపు మొదటి జవాబు రావాలి. రెండోది, షాపు ఆగిపోతే ఫోన్ చేయడమే సరైన పద్ధతి, మెసేజ్ పెట్టి ఎదురుచూడక్కర్లేదు. డబ్బు లెక్క తాకని మార్పయితే వెంటనే పంపొచ్చు, టికెట్ మాత్రం ఆ సాయంత్రానికి ఉండాలి. మూడోది, నిర్ణయం ఎక్కడ పుట్టినా, ఫోన్లోనో టీ దగ్గరో, రెండు లైన్లు టీమ్ ఛానల్‌లో పడాలి. పడనిదాన్ని నిర్ణయం అనుకోకూడదు.

మిగతావి వదిలేయండి. ఉప్పల్ వాళ్ళు లీడ్‌ను "అన్నా" అంటారు, మాదాపూర్ వాళ్ళు పేరుపెట్టి పిలుస్తారు. అననివ్వండి. ఉప్పల్ వైపునుంచి వచ్చేవాళ్ళు మెట్రోలో నాగోల్ - రాయదుర్గం లైన్ పట్టుకుని ఇప్పుడు ఊరు దాటి రావాలి. వాళ్ళు ఆరింటికి లేచి వెళ్తుంటే ఎవరూ గడియారం వైపు చూడకూడదు. స్టాండప్ పదకొండున్నరకు పెడితే అందరికీ సరిపోతుంది. సాయంత్రం ఆరు తర్వాత ఉమ్మడి మీటింగ్ ఉండదు. అంతే.

ఇక కలపడానికి టీమ్ లంచ్ గురించి ఒక మాట. బిర్యానీకి వెళ్ళండి, మంచిదే, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. 1954లో ముజాఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్ట్ అమెరికాలోని ఓక్లహోమాలో ఒక సమ్మర్ క్యాంప్‌లో పిల్లల్ని రెండు గుంపులు చేసి పోటీలు పెట్టాడు. గుంపుల మధ్య వైరం పెరిగాక కలిపి భోజనం పెడితే ఒకరి మీద ఒకరు తిండి విసురుకున్నారు. వైరం తగ్గింది ఎప్పుడంటే, క్యాంప్‌కు నీళ్ళు ఆగిపోవడం లాంటి సమస్యలు ఒక గుంపు వల్ల తీరనివి ఎదురై, పదేపదే కలిసి పనిచేయాల్సి వచ్చినప్పుడు. అవి పిల్లల గుంపులు, పరిశోధకులే నడిపించిన పరిస్థితులు, కాబట్టి ఆఫీసుకు అచ్చంగా సరిపోతుందని అనను. కానీ మొదటి స్ప్రింట్‌కు పని ఎంచుకోవడంలో ఇది పనికొస్తుంది. మన టీమ్‌కు అలాంటి పని రీఫండ్. డబ్బు వెనక్కి పంపడం యాప్ వైపు ఉంది, బిల్లు సరిచేయడం బిల్లింగ్ వైపు ఉంది. ఒక్కో వైపునుంచి ఒకర్ని జంటగా వేయండి, ఒకే డెస్క్ దగ్గర కూర్చోనివ్వండి. ఒక్కసారి సరిపోదు, తర్వాతి స్ప్రింట్‌లోనూ జంటలు మార్చి వేయండి.

పని నడుస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? వాళ్ళని అడిగితే "అంతా బాగుంది సర్" అంటారు. రివ్యూల జాబితా తెరవండి. ఎవరి కోడ్‌ను ఎవరు చూశారో వరుసగా చదవండి. నియమం తప్పనిసరి చేసిన పేమెంట్ కోడ్ పక్కన పెట్టి, మిగతావాటిలో ఎవరు ఎవర్ని ఇష్టంగా అడుగుతున్నారో చూడండి. నెల తర్వాత కూడా పాత ఐదుగురు పాత ఐదుగురినే అడుగుతుంటే గీత అలాగే ఉంది. రెండో గుర్తు, సెలవులు. ఎవరైనా పాత లీడ్‌ను సెలవు అడిగితే ఆయన "నేను చెప్తాలే" అనకూడదు. "ఆయన్ని అడుగు, ఇప్పుడే మెసేజ్ పెట్టు" అనాలి. ఈ ఒక్క వాక్యం పాత లీడ్ నోటినుంచి రావడం మీరు పెట్టే పది మీటింగుల కన్నా ఎక్కువ పని చేస్తుంది. అందుకే ఆయనతో ముందే విడిగా మాట్లాడమన్నది. పాత వాట్సాప్ గ్రూప్‌ను మూయించకండి, ఇంకోటి పుడుతుంది. అక్కడ కబుర్లు ఉండనివ్వండి, పని నిర్ణయం కనిపిస్తే దాన్ని టీమ్ ఛానల్‌లో రాయమని అడగండి.

మొదటి నెల పని వేగం తగ్గుతుంది. దాన్ని పైవాళ్ళకు ముందే చెప్పి, రెండు స్ప్రింట్లకు తక్కువ మాట ఇవ్వండి. ఆరో వారంలో ఆ మూడు నియమాలున్న కాగితం మళ్ళీ బయటికి తీయండి. ఒక్కో నియమం గురించి అడగాల్సింది ఒకటే: గత పదిహేను రోజుల్లో దీన్ని ఎవరు, ఏ పనిలో దాటారు, ఎందుకు? చాలామంది దాటి ఉంటే నియమం మార్చండి. ఒకే వైపు వాళ్ళు దాటి ఉంటే, ఆ నియమం వాళ్ళ పనికి ఎక్కడ అడ్డం పడిందో వాళ్ళ దగ్గర కూర్చుని చూడండి. మన ఉదాహరణలో అయితే నాలుగు గంటల రివ్యూ దగ్గరే చిక్కు వస్తుంది, ఎందుకంటే ఉప్పల్ వాళ్ళు పొద్దున్న తొమ్మిదిన్నరకు అడిగిన రివ్యూకు జవాబు చెప్పాల్సిన మనిషి పదకొండు దాకా రారు. అప్పుడు లెక్క పదకొండు నుంచి మొదలుపెట్టాలని ఒక లైన్ చేర్చండి, తేదీ వేయండి, మళ్ళీ గోడకు అంటించండి.