కర్ల్‌లో రాడ్‌ని ఎత్తుతున్నది చెయ్యా, నడుమా?

నమస్తే అండి. గుంటూరు లక్ష్మీపురంలో ఉన్నాం. ఈ తమ్ముడు 30 కిలోల రాడ్‌తో కర్ల్ చేస్తున్నాడు, పది రెప్స్ వస్తున్నాయి. కానీ "అన్నా, మర్నాడు నడుము పట్టేస్తోంది, చేతుల్లో ఏమీ తెలియట్లేదు" అంటున్నాడు. ఎందుకో పక్కనుంచి చూద్దాం.

రాడ్ తొడల దగ్గర ఉంది. మోచెయ్యి ఇంకా మడతపడలేదు, నడుము మాత్రం ముందుకు వచ్చేసింది. రాడ్ అప్పుడే పైకి లేచింది.

మన మిర్చి యార్డులో బస్తా ఎత్తేటప్పుడు ఇద్దరు చెరోవైపు పట్టుకుని, ఊపి, ఆ ఊపులోనే పైకి వేస్తారు. చేతులు తక్కువ అలిసి బరువు పైకి వెళ్ళాలి కాబట్టి అక్కడ అదే సరైన పద్ధతి. మనకు కావలసింది దానికి తలకిందులు. రాడ్ పైకి వెళ్ళడం కాదు, బైసెప్స్ అలవాలి.

చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు బైసెప్స్ మీద పెద్దగా భారం ఉండదు. ముంజేయి నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు బరువు మోచేతికి అడ్డంగా కొలిస్తే అన్నిటికంటే దూరంగా ఉంటుంది. అసలు కష్టం అక్కడే. ఊపుతో వచ్చిన రాడ్ ఆ చోటు దాటేటప్పుడు, ముందే తెచ్చుకున్న వేగాన్ని ఖర్చు పెట్టుకుంటూ వెళ్తుంది. అక్కడ దాని వేగం ప్రతి సెకనుకూ 3 మీ/సె చొప్పున తగ్గుతోందనుకోండి. అప్పుడు 30 కిలోల రాడ్ చేతికి 21 కిలోలలాగే తెలుస్తుంది. మిగతాది నడుము ముందే కట్టేసింది. పైగా చివర్లో మోచేతులు ముందుకు జరిగాయి. ముంజేయి నిటారుగా అయిపోయి, భారం భుజాల మీదికి పోయింది.

మీకు మీరే ఎలా కనిపెట్టాలి? అద్దంలో ఎదురుగా చూస్తే నడుము కదలిక సరిగ్గా తెలియదు. ఫోన్‌ని పక్కన, మోచేతి ఎత్తులో పెట్టి తీయండి. మోచెయ్యి మడతపడక ముందే రాడ్ తొడలను వదిలిందంటే అది ఊపే.

నేను బాగా నమ్మేది ఇంకో పరీక్ష. ముంజేయి సమాంతరంగా వచ్చిన చోట ఒక్క సెకను ఆగండి. ఊపు అక్కడే చచ్చిపోతుంది. తమ్ముడూ, ఆపు... చూశారా, 30 కిలోలతో ఆగలేక రాడ్ కిందికి జారిపోయింది. ఇప్పుడు 20 కిలోలు పెట్టి, వీపు గోడకు ఆనించి, మోచేతులు పక్కటెముకల దగ్గర ఉంచాం. ప్రతిసారీ ఆగుతూ ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది సగంలో నిలిచిపోయింది. ఎక్కడ లాగుతోంది తమ్ముడూ? "ఇక్కడే అన్నా, కండలోనే!"

ఎనిమిది శుద్ధంగా చేశాక చివరి ఒకటి రెండు కాస్త ఊపుతో ఎత్తడం తప్పని నేననను. కానీ దించేటప్పుడు మూడు సెకన్లు పట్టాలి, ఎందుకంటే నెమ్మదిగా దించేటప్పుడు సాయం చేసే ఊపు ఉండదు. ఎత్తడం ఊపుతోనే, దించడం వదిలేయడమే అయితే ఆ రెప్ లెక్కలో వేసుకోకండి.