పెద్దన్నకు తొందర లేదు

అందరికీ నమస్కారం. సర్వీసు రిజిస్టరులో ఏ పేరున్నా, ఈ రోజు రిటైరవుతున్న మన నీళ్ల సప్లై సీనియర్ లైన్‌మన్ మనందరికీ పెద్దన్నే. స్టేజీ ఎక్కిస్తే అందరూ "మంచి మనిషి" అని చెప్పి దిగిపోతారని, మిమ్మల్ని ఒక్కొక్కరిని ముందే పక్కకు పిలిచి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. తిట్లున్న చోట కట్ చేశాను, భయపడకండి. ఎవరికి వారు చెప్పినా, అన్ని మాటలూ ఒకచోటికే వచ్చాయి: పెద్దన్నకు తొందర లేదు.

సప్లై ఆగిన లైన్‌లో గాలి చేరుతుంది. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే గాలీ నీళ్లూ కలిసి కొట్టే దెబ్బకు పాత సీసం జాయింట్లు ఊడతాయి. హెల్పర్ తమ్ముడు చెప్పింది వినండి: "నేను గబగబా తిప్పుతుంటే కీ లాక్కున్నాడు. కొంచెం తెరిచి, చాయ్ తాగొద్దాం పద అన్నాడు. నాకు చాయ్ మీదే ధ్యాస, అది వాల్వు కోసమని తర్వాత తెలిసింది."

డ్రైవర్ అన్నది ఇంకా బాగుంది: "జేసీబీ వచ్చి నిలబడితే, రాత్రి రెండు దాకా ఆగమంటాడు. ట్రాఫిక్ సద్దుమణిగాక ఇనుప రాడ్డు ఒక కొన వాల్వు మీద పెట్టి, ఇంకో కొన చెవికి ఆనిస్తాడు. నీళ్లు పైకొచ్చింది ఒకచోట, తవ్వించింది ఇంకోచోట. లీకు అక్కడే దొరికింది."

నీళ్ల శాంపిళ్లు చూసే అక్క చెప్పిన సంగతి మాత్రం పూర్తిగా చెప్పాలి. ఒక గల్లీలో నీళ్లు వాసనొస్తున్నాయని గొడవ. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు తిరగాలి. అక్కడ తిరగలేదు. క్లోరిన్ డోసు పెంచితే పోతుందన్నారు కొందరు, అందులో నేనూ ఉన్నాను. పెద్దన్న ఒప్పుకోలేదు. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లోనే, గల్లీ మొదటి నుంచి ఇంటింటికీ శాంపిల్ పట్టించాడు. కొన్ని ఇళ్ల దాకా పసుపు, ఆ తర్వాత తెల్లనీళ్లే. పసుపు ఆగిన ఇంటికీ, తెల్లనీళ్లు మొదలైన ఇంటికీ మధ్య తవ్వితే, మోరీలోంచి పోయే ఒక ఇంటి కనెక్షన్ పైపు తుప్పు పట్టి చిల్లిపడింది. సప్లై ఆగి లైన్ ఖాళీ అయినప్పుడల్లా మోరీ నీళ్లు అందులోంచి మెయిన్ లైన్‌లోకి చేరుతున్నాయి. డోసు పెంచి ఉంటే వాసన తగ్గేదేమో, చిల్లు అలాగే ఉండేది.

అన్నా, ఇంకో మాట కూడా అందరి రికార్డింగుల్లో ఉంది, అది పొగడ్త కాదు, ఫిర్యాదు. రోడ్డు మీద రోడ్డు వేసి తారు కింద పూడ్చేసిన వాల్వు చాంబర్లు ఎక్కడెక్కడున్నాయో మీకే తెలుసు, మ్యాపులో సగం లేవు. సోమవారం పొద్దున మన కుర్రాళ్లు పెయింట్ డబ్బా పట్టుకుని మీ ఇంటికొస్తారట, చూపిస్తే గుర్తులు పెట్టుకుంటారట. వస్తారా? ఇదిగో మైకు, అందరి ముందే చెప్పండి.