పడమటి గోడకు గ్రానైట్ క్లాడింగ్: ఒక వానాకాలం తర్వాత రివ్యూ

నమస్కారం అండి. ఇది హైదరాబాద్ శివార్లలో మా బాబాయి వాళ్ల ఇల్లు. ఈ పడమటి గోడ వెడల్పు 30 అడుగులు. కిందా పైనా రెండంతస్తులకీ గ్రానైట్ క్లాడింగే. పోయిన మే నెలలో పై అంతస్తు నుంచి ఒక రాయి ఊడి పోర్టికోలో పడింది. అదృష్టం, అప్పుడు కింద ఎవరూ లేరు. ఆ తర్వాత గోడ మొత్తం విప్పించి మళ్లీ చేయించాం. ఒక వానాకాలం గడిచింది కాబట్టి ఇప్పుడు రివ్యూ చెప్పొచ్చు.

ముందు ఆ పడిన రాయి చూడండి. దాచిపెట్టాను. రెండడుగులకి ఒక అడుగు, 20 మిల్లీమీటర్ల మందం. ఎత్తితే దాదాపు 10 కిలోలు. వెనక్కి తిప్పుతున్నా. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, గమ్ము ముద్దలు. రాయికి గట్టిగానే అంటుకుని ఉన్నాయి. ముద్ద పైభాగం గోటితో గీకితే పొరలా లేస్తోంది, చూశారా? అది గోడకున్న పాత పెయింట్. అంటే గమ్ము పట్టుకుంది గోడని కాదు, పెయింట్‌ని. ముద్దల మధ్య ఈ తెల్లటి మరకలు ఉప్పు. పైనుంచి దిగిన నీళ్లు ఆ ఖాళీల్లో నిలిచి ఆరాయి, మళ్లీ నిలిచాయి. గమ్ము బ్రాండ్‌ని తిట్టుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

అందుకే ఈసారి పెయింట్ ప్లాస్టరింగ్ దాకా గీకించాం. డొల్లగా మోగిన చోట ప్లాస్టర్ కూడా కొట్టేసి కొత్తది చేశాం. అది బాగా ఆరాక పాలిమర్ సిమెంట్ వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేశాం. గమ్ము బయటి గోడలకీ, రాయికీ పనికొచ్చే రకం. సంచి మీద టైల్ గమ్ములకుండే భారతీయ ప్రమాణం IS 15477 టైప్ చూసి కొన్నాం. గోడకి పూసిన గమ్ములో పళ్ల తాపీతో గీతలు లాగి, రాయి వెనక కూడా పలచగా పూశాం. వెనక ఖాళీ లేకపోతే నీళ్లు నిలిచే చోటే ఉండదు. మధ్యమధ్యలో అప్పుడే పెట్టిన రాయిని ఒకటి ఊడదీసి చూడండి, వెనకంతా గమ్ము అంటిందో లేదో తెలుస్తుంది.

పడమటి గోడకి ఇంకో చిక్కుంది. ఎండకి కాలిన గోడ మీద గమ్ము నిమిషాల్లో పైపొర కడుతుంది. వేలు పెడితే వేలికి అంటాలి. అంటలేదంటే గీకేసి కొత్తది వేయాల్సిందే. మేం మధ్యాహ్నం పన్నెండుకల్లా పని ఆపేశాం.

క్లాంపుల సంగతి. తల ఎత్తు దాటిన ప్రతి రాయికీ పై అంచులో గాడి కోసి, రెండేసి స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు పెట్టాం. గమ్ము వదిలేసినా రాయి కింద పడకూడదు, క్లాంపు పని అదే. ఇక్కడ 304 గ్రేడ్ వాడాం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే 316 తీసుకోండి. ఇనప తీగ మాత్రం వద్దు. తుప్పు పట్టి ఉబ్బితే రాయి అంచే పగులుతుంది. బోల్టు ప్లాస్టర్ దాటి ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. మీది తేలికైన ఏఏసీ బ్లాకుల గోడైతే మామూలు యాంకర్ బోల్టు మీద భరోసా పెట్టుకోకండి.

ఇప్పుడు నేను గట్టిగా పట్టుబట్టిన విషయం, రాళ్ల మధ్య ఈ సీలెంట్ గీతలు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ రాయి వేడి 30 డిగ్రీలు పెరిగిందనుకోండి, 30 అడుగుల గోడ మీద గ్రానైట్ దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. వెనక గోడ అంత సాగదు. సందు లేకపోతే రాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుని గోడ నుంచి పైకి లేస్తాయి. అందుకే పదేసి అడుగులకి ఒక నిలువు సందు, శ్లాబు దగ్గర ఒక అడ్డ సందు, 8 మిల్లీమీటర్ల వెడల్పుతో వదిలాం. లోపల ఫోమ్ తాడు దూర్చి, పైన రాయికి మరక పట్టించని సీలెంట్ నింపాం. ఆ తాడు ఉంటేనే సీలెంట్ రెండు పక్కలకి మాత్రమే అంటి, రబ్బరులా సాగుతుంది. మా మేస్త్రీ రెండు చోట్ల అలవాటుకొద్దీ సందులో గమ్ము పడనిచ్చాడు. స్టీల్ స్కేలు దూర్చి చూస్తే గట్టిగా తగిలింది. తీయించాం. గట్టిపడిన గమ్ము ఉన్న సందు, లేని సందుతో సమానమే.

పిట్టగోడ పైన కాపింగ్ రాయి డాబా వైపు వాలుగా పెట్టి, బయటికి అంగుళంన్నర చాచి, అడుగున గాడి కొట్టించాం. నీటిబొట్టు ఆ గాడి దగ్గరే రాలిపోతుంది, గోడ మీదికి పాకదు. అన్నిటికంటే కింద వరసలో మాత్రం అక్కడక్కడ సందు సీల్ చేయకుండా వదిలాం. ఎలాగో దిగిన నీరు పోవడానికి దారి కావాలి కదా.

ఫలితం ఏంటంటే, చెక్క సుత్తితో గోడంతా తట్టి చూశాను. డొల్లగా మోగినవి రెండే రాళ్లు, రెండిటికీ క్లాంపులున్నాయి. ఉప్పు ఎక్కడా పొంగలేదు. దగ్గరికొస్తే సీలెంట్ గీతలు కనిపిస్తాయి, అది కొందరికి నచ్చకపోవచ్చు. ఎండకి సీలెంట్ పాతబడుతుంది, ఏడాదికోసారి అంచులు విడుతున్నాయేమో చూసుకోవాలి. ఒక లోపం మిగిలింది. ఈ కిటికీ కింద చెమ్మ మరక. కారణం దొరికింది, కిటికీ గుమ్మం రాయి అడుగున గాడి కొట్టడం మర్చిపోయాం. వచ్చే వారం కటింగ్ మెషిన్‌తో ఆ గాడి తీయిస్తున్నాం.