“అయితే”కీ “అయి ఉంటే”కీ మధ్య: తొలి క్రైస్తవ గ్రీకు రచనల్లో షరతు వాక్యాలు

అందరికీ నమస్కారం.

ముందు రెండు తెలుగు వాక్యాలు చూద్దాం. “వాన కురిస్తే చెరువు నిండుతుంది.” “వాన కురిసుంటే చెరువు నిండేది.” మొదటిదాంట్లో వాన సంగతి ఇంకా తేలలేదు. రెండోది వినగానే వాన కురవలేదని మనకు తెలిసిపోతుంది, ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. “నిండేది” అన్న రూపాన్ని గమనించండి. “మా చిన్నప్పుడు ఏటా చెరువు నిండేది” అన్నప్పుడు నిజంగా జరిగినదాన్ని చెప్పే రూపం అదే. అలాంటి భూతకాల రూపాన్నే జరగనిదాన్ని చెప్పడానికీ వాడుతున్నాం. గ్రీకు చేసేదీ సరిగ్గా ఇదే.

గ్రీకులో “ఒకవేళ” అన్న అర్థమిచ్చే మాట “ఎయ్”. దాని తర్వాత నిశ్చయార్థక క్రియ, అంటే సంగతిని నేరుగా చెప్పే క్రియారూపం, వస్తే రెండు దారులున్నాయి. ఏ కాలంలోనైనా క్రియ వచ్చి, ఫలితం మామూలుగా చెబితే అది వాస్తవ షరతు. రెండు భాగాల్లోనూ భూతకాల క్రియ ఉండి, ఫలితంలో “అన్” అనే చిన్న అవ్యయం చేరితే అది అవాస్తవ షరతు. యోహాను సువార్త 11వ అధ్యాయంలో మార్త మాట రెండో రకం: “ప్రభువా, నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సోదరుడు చనిపోయేవాడు కాదు.” ఆయన అక్కడ లేడు, సోదరుడు చనిపోయాడు. ఆమె దుఃఖమంతా ఆ క్రియారూపంలోనే ఉంది.

ఇక్కడిదాకా తేలికే. చిక్కంతా “వాస్తవ షరతు” అన్న పేరుతో వచ్చింది. ఆ పేరు విని చాలామంది, షరతులో చెప్పింది నిజమేనని గ్రీకు హామీ ఇస్తోందనుకుంటారు. అందుకే “ఎయ్” కనబడిన చోటల్లా “కాబట్టి” అని చదువుతారు. నేను గ్రీకు నేర్చుకున్న కొత్తలో నాకూ అలాగే చెప్పారు, కొన్నేళ్లు నేనూ అలాగే బోధించాను. మత్తయి 12వ అధ్యాయంలో పక్కపక్కనే ఉన్న రెండు వచనాలు నన్ను ఆపాయి.

దయ్యాల అధిపతి బయెల్జెబూలు వల్లే యేసు దయ్యాలను వెళ్లగొడుతున్నాడని పరిసయ్యులు అన్నారు. 27వ వచనంలో యేసు అంటాడు: “నేను బయెల్జెబూలు వల్ల దయ్యాలను వెళ్లగొడుతుంటే, మీ కుమారులు ఎవరివల్ల వెళ్లగొడుతున్నారు?” 28వ వచనంలో: “నేను దేవుని ఆత్మవల్ల వెళ్లగొడుతుంటే, దేవుని రాజ్యం మీ మీదికి వచ్చినట్టే.” రెండింట్లోనూ “ఎయ్”, అదే క్రియ, అదే వర్తమాన కాలం. వ్యాకరణం దృష్టిలో వీటి మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. “కాబట్టి” సూత్రాన్ని మొదటిదానికి పెడితే “నేను బయెల్జెబూలు వల్ల వెళ్లగొడుతున్నాను కాబట్టి” అని యేసు నోటే అనిపించినట్టవుతుంది. ఆయన ఎదుటివాళ్ల మాటను వాదన కోసం తీసుకుని, అది ఎక్కడికి పోతుందో చూపిస్తున్నాడు. అంటే ఈ రూపం చెప్పేది ఒక్కటే: “ఇది అలా అనుకుందాం, అప్పుడు ఇది అవుతుంది.” నిజమా కాదా అన్నది ఆ రూపం చెప్పదు.

జేమ్స్ బోయర్ అనే పండితుడు కొత్త నిబంధనలోని ఈ రకం వాక్యాలన్నీ, సుమారు మూడు వందలు, లెక్కపెట్టి 1981లో ఫలితాలు ప్రచురించారు. సందర్భాన్ని బట్టి స్పష్టంగా నిజమని తేలేవి 37 శాతం, స్పష్టంగా అబద్ధమని తేలేవి 12 శాతం. మిగతా సగం ఎటూ తేలవు. “కాబట్టి” సూత్రానికి ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

కొత్త నిబంధన బయట కూడా ఇదే తీరు. అంతియొకయ బిషప్పు ఇగ్నాతియు బందీగా రోమాకు వెళుతూ స్ముర్నవాళ్లకు రాసిన లేఖలో, క్రీస్తు శరీరం వట్టి పైకి కనిపించేదే అనేవాళ్లను ఎదుర్కొంటాడు: “ఇవన్నీ మన ప్రభువు పైకి కనిపించడానికి మాత్రమే చేసి ఉంటే, నేనూ పైకి కనిపించడానికి మాత్రమే సంకెళ్లలో ఉన్నాను.” తెలుగులో నేను “చేసి ఉంటే” అన్నాను గానీ గ్రీకులో “అన్” లేదు. ఫలితంలో ఉన్న క్రియ భూతకాలమూ కాదు, “బంధించబడి ఉన్నాను” అన్న స్థితిని చెప్పే రూపం. రూపం ప్రకారం ఇది వాస్తవ షరతు. ఆయన మాత్రం ఆ మాటను అణువంత కూడా నమ్మడు. చేతికున్న ఇనుమే దానికి జవాబు. అవాస్తవ రూపం వాడితే ఆ దెబ్బ ఇంత బలంగా తగిలేది కాదని నా అభిప్రాయం. ఎదుటివాడి మాటను పూర్తిగా ఒప్పుకున్నట్టు నిలబెట్టాకే అది కూలడం కనిపిస్తుంది.

మరి అవాస్తవ రూపం అబద్ధానికి హామీ ఇస్తుందా? అదీ ఇవ్వదు. లూకా 7లో పరిసయ్యుడైన సీమోను మనసులో అనుకుంటాడు: “ఇతను ప్రవక్తే అయి ఉంటే, తనను తాకుతున్న ఈ స్త్రీ ఎవరో, ఎలాంటిదో తెలిసి ఉండేది.” “అన్” సహా పూర్తి అవాస్తవ షరతు. కానీ మరుసటి వచనంలోనే యేసు అతని మనసులోని మాటకు జవాబు చెబుతాడు. యేసు ప్రవక్త కాదన్నది సీమోను అభిప్రాయమే, లూకాది కాదు. రూపం మాట్లాడేవాడి మనసు చూపిస్తుంది, అంతవరకే.

ఇక అసలు కష్టమైన చోటుకు వద్దాం. “అన్” కొన్నిసార్లు రాదు. యోహాను 15:22లో “నేను వచ్చి వాళ్లతో మాట్లాడి ఉండకపోతే వాళ్లకు పాపం ఉండేది కాదు” అన్న వాక్యంలో అది లేదు. అయినా అవాస్తవమని ఎలా తెలుస్తుంది? క్రియలు భూతకాలంలో ఉన్నాయి. షరతును కాదనడానికి మామూలు “ఊ” కాక “మే” వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, వెంటనే “నూన్ దె” వస్తుంది: “కానీ ఇప్పుడు వాళ్లకు సాకు లేదు.” ఊహించిన లోకం నుంచి ఉన్న లోకానికి తిరిగి వచ్చే మాట అది. అనుమానం ఉన్న ప్రతిచోటా నేను ముందు దానికోసమే వెతుకుతాను.

దాంతో యోహాను 8:39 చదువుదాం. “మా తండ్రి అబ్రాహాము” అని యేసుతో వాదిస్తున్న యూదులంటారు. యేసు జవాబు రాతప్రతుల్లో మూడు రకాలుగా ఉంది. పాపిరస్ 66 అనే పాత ప్రతిలోనూ, వాటికన్ ప్రతిలో మొదటి రాతగాడు రాసినదాంట్లోనూ రెండు భాగాలూ వర్తమానమే: “ఎస్తె”, “పొయెయ్తె”. “మీరు అబ్రాహాము పిల్లలైతే, అబ్రాహాము పనులు చేస్తారు”, లేదా “చేయండి”. తర్వాతి ప్రతుల్లో ఎక్కువ భాగం రెండింటినీ భూతకాలం చేశాయి: “ఏతె”, “ఎపొయెయ్తె”, చాలావాటిలో “అన్” కూడా. అది చక్కటి అవాస్తవ షరతు: “పిల్లలై ఉంటే చేసేవాళ్లు.” పాపిరస్ 75 మొదలైనవాటిలో మాత్రం ముందు వర్తమానం, తర్వాత భూతకాలం: “ఎస్తె”, “ఎపొయెయ్తె”. సగం వాస్తవం, సగం అవాస్తవం. “పొయెయ్తె”కీ “ఎపొయెయ్తె”కీ తేడా గ్రీకులో ఒక్క అక్షరం.

ఈ అతుకుల వాక్యమే అసలుదని నాకనిపిస్తుంది. దాన్నుంచి మిగతా రెండూ ఎలా పుట్టాయో చెప్పగలం: ఒకరు వెనక భాగాన్ని ముందుదానికి సరిచేశారు, మరొకరు ముందు భాగాన్ని వెనకదానికి. చక్కగా ఉన్న వాక్యాన్ని తీసుకుని ఎవరైనా కావాలని ఇలా వంకర చేస్తారా? పైగా మూడు వచనాల తర్వాత, 42లో, “దేవుడే మీ తండ్రి అయి ఉంటే నన్ను ప్రేమించేవాళ్లు” అని “అన్”తో సహా నిండు అవాస్తవ షరతు ఉంది. 39ని కూడా దానిలా చేయాలని రాతగాడికి అనిపించడం సహజం.

ఆ వంకరకు అర్థం కూడా ఉంది. 37వ వచనంలో యేసు “మీరు అబ్రాహాము సంతానమని నాకు తెలుసు” అని ఒప్పుకున్నాడు. కనుక 39లో వాళ్ల మాటను వాళ్ల కాలంలోనే, వర్తమానంలోనే తీసుకుంటాడు. ఫలితం దగ్గరికి వచ్చేసరికి వాక్యం అవాస్తవంలోకి జారుతుంది, ఎందుకంటే ఆ పనులు కనబడటం లేదు. 40వ వచనం “నూన్ దె”తో మొదలవుతుంది.

మన పాత తెలుగు బైబిలులో ఈ రెండు రకాలకూ “యెడల” అన్న ఒక్క రూపమే తరచుగా వస్తుంది. అందుకే ఈ తేడా మనకు చప్పున వినబడదు. నేనైతే ఇలా అనువదిస్తాను: “మీరు అబ్రాహాము పిల్లలే అయితే, అబ్రాహాము చేసిన పనులు చేస్తుండేవాళ్లు. కానీ ఇప్పుడు నన్ను చంపాలని చూస్తున్నారు.” “అయితే” తర్వాత “చేస్తుండేవాళ్లు” రావడం చెవికి కొంచెం తగులుతుంది. గ్రీకులోనూ తగులుతుంది. అది సరిచేయకుండా వదిలేస్తాను.