పిట్ స్టాప్ ఏ ల్యాప్‌లో? టైరు అరుగుదల లెక్క ఇదీ

ఫార్ములా వన్ రేసులో టైర్లు మార్చుకునేందుకు పిట్‌లోకి వెళ్లి రావడానికి దాదాపు 22 సెకన్లు పోతాయి. ఒకే ఒక్క స్టాప్ ఉన్న రేసులో, ఆ స్టాప్ ఏ ల్యాప్‌లో పెట్టుకోవాలన్న లెక్కలో ఈ 22 సెకన్లకు చోటే లేదు. పదో ల్యాప్‌లో ఆగినా నలభయ్యో ల్యాప్‌లో ఆగినా పోయేవి అవే 22. స్టాప్ ఒకటా, రెండా అని తేల్చేటప్పుడే ఆ అంకె పనికొస్తుంది. ఏ ల్యాప్‌లో అన్నది తేల్చేది టైరు అరుగుదల.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫార్ములా వన్ రేసు, 57 ల్యాప్‌లు. ముందు మీడియం టైరు, తర్వాత హార్డ్. మీడియం ల్యాప్‌కి 0.08 సెకను చొప్పున నెమ్మదిస్తుంది. హార్డ్ కొత్తగా ఉన్నప్పుడే కొత్త మీడియం కన్నా ల్యాప్‌కి 0.5 సెకను నెమ్మది, కానీ అరుగుదల ల్యాప్‌కి 0.05 మాత్రమే.

ఈ 0.08 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. టైమింగ్ షీట్‌లో మీడియం టైరు ల్యాప్‌కి 0.02 మాత్రమే నెమ్మదించినట్టు కనిపిస్తుంది. కారణం ఇంధనం. 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపకూడదు, అందుకే కారు ప్రతి ల్యాప్‌కీ తేలికవుతూ పోతుంది. 110 కిలోలతో మొదలైతే ల్యాప్‌కి దాదాపు 2 కిలోలు ఖర్చు. పది కిలోలు తగ్గితే సుమారు 0.3 సెకను లాభం, అంటే ల్యాప్‌కి 0.06. టైరు పోగొట్టేదాన్ని ఇంధనం కప్పేస్తోందన్నమాట. 0.02కి ఆ 0.06 కలిపితే అసలు అరుగుదల 0.08. హార్డ్ టైరైతే షీట్‌లో ల్యాప్‌కి 0.01 వేగం పుంజుకుంటున్నట్టు ఉంటుంది, సరిచేస్తే 0.05.

సరిచేయకుండా లెక్కలో పెడితే మోడల్ మొదటి ల్యాప్‌కే పిట్‌లోకి రమ్మంటుంది. అలాంటి జవాబు వస్తే ముందు చూడాల్సింది ఇంధనమే. పిట్‌లోకి వచ్చిన ల్యాప్, బయటికెళ్లిన ల్యాప్, పసుపు జెండా ల్యాప్‌లు, ముందు కారు వెనక ఇరుక్కున్న ల్యాప్‌లు కూడా డేటాలోంచి తీసేయాలి.

ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్న కోడ్ చూడండి. ఇందులో n మీడియం మీద నడిపే ల్యాప్‌లు, m హార్డ్ మీద నడిపేవి.

```python
N = 57
def loss(n, d1=0.08, d2=0.05, gap=0.5):
    m = N - n
    return d1*n*(n-1)/2 + gap*m + d2*m*(m-1)/2
print(min(range(1, N), key=loss))
```

జవాబు 26. ఎందుకు 26? పాత టైరుని కొత్త హార్డ్ మొదటి ల్యాప్‌తో పోలిస్తే చాలా ముందే ఆగాలనిపిస్తుంది, ఎనిమిదో ల్యాప్‌కే మీడియం హార్డ్ కన్నా నెమ్మది. కానీ ఇప్పుడు ఒక ల్యాప్ ముందు ఆగితే రేసు చివర్లో హార్డ్ మీద ఒక ల్యాప్ పెరుగుతుంది, అదీ బాగా అరిగిన ల్యాప్. కాబట్టి పోల్చాల్సింది మీడియం మీద తర్వాతి ల్యాప్‌ని, హార్డ్ మీద ఆఖరి ల్యాప్‌తో. ఆ రెండూ సమానమయ్యే చోటే ఆగాలి. ఇక్కడ రెండూ దాదాపు 2 సెకన్ల నష్టం దగ్గర కలుస్తాయి.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది 26 అన్న అంకె కాదు, దాని చుట్టూ ఉన్న చదును. 26తో పోలిస్తే 21లో ఆగితే నష్టం 1.55 సెకన్లు, 31లో ఆగితే 1.70. మొత్తం రేసు మీద అంతే! నెమ్మదిగా పోతున్న కారు వెనక బయటికొచ్చి ల్యాప్‌కి 0.7 చొప్పున నాలుగు ల్యాప్‌లు ఇరుక్కుంటే పోయేది 2.8. అందుకే జట్లు ఒక ల్యాప్‌ని పట్టుకుని కూర్చోవు. ఆ విండోలో ట్రాక్ మీద ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతాయి. అండర్‌కట్ కోసం, అంటే ముందున్న కారు కన్నా ముందే ఆగి కొత్త టైర్ల వేగంతో దాన్ని దాటేయడం కోసం, రెండు మూడు ల్యాప్‌లు ముందుకు జరగడం చవక కావడానికీ కారణం ఇదే: 26 బదులు 23లో ఆగితే పోయేది 0.54.

పిట్ నష్టం మళ్లీ లెక్కలోకి వచ్చేది ట్రాక్ మీద ప్రమాదం జరిగి అన్ని కార్లూ వేగం తగ్గించాలని చెప్పే వర్చువల్ సేఫ్టీ కార్ పడినప్పుడు. అందరూ నెమ్మదిగా పోతుంటారు కాబట్టి 22 కాస్తా 13 అయిందనుకుందాం, ఆదా 9 సెకన్లు. 20వ ల్యాప్‌లో పడితే ముందే ఆగినందుకు నష్టం 2.25, మారుమాట లేకుండా పిట్‌లోకి పిలవాలి. 15లో పడితే నష్టం 7.7, ఇంకా లాభమే. 14లో 9.18, అక్కడితో లాభం అయిపోయింది.

అయితే 15లో ఆగితే హార్డ్ 42 ల్యాప్‌లు నడవాలి. ఈ మోడల్ అరుగుదలని సరళరేఖ అనుకుంటుంది. నిజం టైరు ఒక దశ దాటాక ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది, ల్యాప్‌కి 0.05 పోయేచోట సెకన్లు పోతాయి. ప్రాక్టీస్‌లో హార్డ్‌ని 20 ల్యాప్‌లే నడిపి ఉంటే 42వ ల్యాప్ గురించి ఆ గీత చెప్పేది ఊహే. అలాంటప్పుడు 15లో మిగిలే 1.3 సెకన్ల లాభం కోసం పిలవకూడదు, 20లో మిగిలే దాదాపు 7 సెకన్ల కోసం పిలవొచ్చు.