గ్యారేజీలో జాకీ, కిచెన్‌లో సిరంజీలు | మా మిషిగన్ శనివారం

అందరికీ నమస్కారం అండి. మీరు చూస్తున్నది మా గ్యారేజీ. ఇక్కడ నవంబర్ వచ్చిందంటే మంచు పడకముందే మామూలు టైర్లు తీసి వింటర్ టైర్లు వేసుకోవాలి. షాపులో అయితే అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగాలి, అందుకని నేనే మార్చేసుకుంటాను. కాకపోతే ఈసారి నాకు ప్రేక్షకులు ఉన్నారు. ఏడో తరగతి చదివే మా పాప, దాని క్లాసులోనే ఉన్న పక్కింటి తెలుగు అబ్బాయి.

"అంకుల్, నేను ఒక్క చేత్తో కారు ఎత్తగలనా?" అన్నాడు వాడు. ఎత్తి చూడు నాన్నా అని జాకీ హ్యాండిల్ చేతికిచ్చాను. పైకీ కిందకీ ఆడిస్తూ పోయాడు, ముందు చక్రం నేల వదిలింది. వాడు జాకీ వైపు చూడలేదు, తన చెయ్యి వైపు చూసుకున్నాడు! తర్వాత, "లోపల మోటార్ ఉందా?"

లేదు. లోపల ఉన్నది నూనె, సన్న పిస్టన్ ఒకటి, లావు పిస్టన్ ఒకటి. చెబితే నమ్మేలా లేరని కిచెన్‌లోకి తీసుకెళ్లాను.

చూడండి, రెండు సిరంజీలు. చిన్నదాని లోపలి వ్యాసం 9 మిల్లీమీటర్లు, పెద్దదానిది 27. రెంటినీ సన్న ప్లాస్టిక్ గొట్టంతో కలిపి నీళ్లు నింపాం. పెద్దదాన్ని ఒక డబ్బాలో నిలబెట్టి, కదలకుండా చుట్టూ గుడ్డలు కుక్కి, పైన స్టీలు ప్లేటు, దాని మీద 10 పౌన్ల సోనా మసూరి సంచి. అంటే నాలుగున్నర కిలోలు. సంచి ఒరిగిపోకుండా పాప రెండు చేతులా పట్టుకుంది. "ఏమండీ, ఆ బియ్యం ఒలికాయో, మీరే ఊడ్చాలి" అని వెనక నుంచి వినిపిస్తోంది కదా, అది మా ఆవిడ.

వ్యాసం మూడింతలు కదా, బలం కూడా మూడింతలేనా అని అడిగితే ఇద్దరూ అవుననే అన్నారు. అందరూ ఇక్కడే పొరబడతారు. ద్రవం లెక్క చూసేది వ్యాసాన్ని కాదు, వైశాల్యాన్ని. వ్యాసం మూడింతలైతే వైశాల్యం తొమ్మిదింతలు. చిన్న పిస్టన్‌ని నొక్కితే నీళ్లలో పీడనం పుడుతుంది. ఆ పీడనం ఒక దిక్కుకే పోదు, మూతపెట్టిన పాత్రలో అన్ని వైపులా ఒకేలా పాకుతుంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బ్లేజ్ పాస్కల్ చెప్పింది ఇదే. చిన్న పిస్టన్ అడుగున ఒక చదరపు మిల్లీమీటర్ మీద ఎంత ఒత్తిడి ఉందో, పెద్ద పిస్టన్ అడుగున ప్రతి చదరపు మిల్లీమీటర్ మీదా అంతే ఉంటుంది. కాకపోతే అక్కడ చదరాలు తొమ్మిదింతలు ఎక్కువ. అంతా కూడితే బలం కూడా తొమ్మిదింతలు.

అలా అయితే నాలుగున్నర కిలోల సంచిని లేపడానికి అర కిలో చాలాలి. అర లీటరు వాటర్ బాటిల్ తెచ్చి చిన్న సిరంజీ మీద పెట్టాం. సంచి కదల్లేదు. పాప నా వైపు చూసిన చూపు వీడియోలో ఉంచాను, మీరే చూడండి.

తప్పు రెండు చోట్ల ఉంది. మొదటిది, గొట్టంలో గాలి బుడగ. చిన్న పిస్టన్ కిందికి దిగింది గానీ, ఆ నొక్కుడంతా బుడగని నలపడానికే పోయింది. నీళ్లని నలపడం దాదాపు కుదరదు, గాలి మాత్రం స్పాంజిలా నలుగుతుంది. సింక్‌లో ముంచి బుడగ తీసేశాం. రెండోది రాపిడి. సిరంజీ రబ్బరు గోడని గట్టిగా పట్టుకునే ఉంటుంది, ముందు దాన్ని గెలవాలి. బాటిల్ మీద ఇంకో బాటిల్ పెడితే, అప్పుడు సంచి నెమ్మదిగా లేచింది. అబ్బాయి సంబరంలో చేత్తో గట్టిగా నొక్కాడు, గొట్టం ఊడి నా చొక్కా తడిసింది. పీడనం అన్ని వైపులా పాకుతుందనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి.

కానీ పాప ఇంకోటి గమనించింది. "నాన్నా, చిన్నది మొత్తం కిందికి పోయింది, సంచి కొంచెమే లేచింది." నిజమే. చిన్న పిస్టన్ నాలుగున్నర సెంటీమీటర్లు దిగితే సంచి లేచింది అర సెంటీమీటరే. అటు నుంచి పోయిన నీళ్లే ఇటు వెడల్పాటి సిరంజీలో చేరాయి, ఎత్తు తొమ్మిదో వంతే వస్తుంది. బలం పెరిగింది గానీ ఊరికే రాలేదు, దూరం ఇచ్చి కొనుక్కున్నాం.

మరి కారు చక్రం నేల వదిలేదాకా ఎలా లేచింది? మళ్లీ గ్యారేజీకి.

నా జాకీలో సన్న పిస్టన్ వ్యాసం 10 మిల్లీమీటర్లు, లావుది 30. ఇక్కడా తొమ్మిదింతలే. కారు ఆ మూల బరువు సుమారు 500 కిలోలు అనుకుందాం. సన్న పిస్టన్ మీద దాదాపు 56 కిలోలు పడాలి. హ్యాండిల్ పొడుగ్గా ఉండి ఇంకో పదింతలు ఆదా చేస్తుంది కాబట్టి చేతికి తగిలేది ఐదున్నర కిలోలే. లోపల నూనెలో పీడనం మాత్రం కారు టైర్లో గాలికి ముప్ఫై రెట్లు ఉంటుంది.

ఒక్కసారి నొక్కితే సన్న పిస్టన్ 18 మిల్లీమీటర్లు దిగుతుంది, కారు 2 మిల్లీమీటర్లు లేస్తుంది. సిరంజీ అయితే అక్కడితో ఆట అయిపోయేది. జాకీలో రెండు చిన్న స్టీలు గోళీలు ఉంటాయి, అసలు తెలివంతా వాటిదే. హ్యాండిల్ ఎత్తినప్పుడు ఒక గోళీ పక్కకి జరిగి ట్యాంకులోని నూనెని సన్న పిస్టన్ కిందికి రానిస్తుంది. నొక్కినప్పుడు అది దారి మూసేస్తుంది, రెండోది తెరుచుకుని నూనెని లావు పిస్టన్ కిందికి పంపిస్తుంది. తిరిగి హ్యాండిల్ ఎత్తగానే ఆ రెండోది మూతపడి, ఎక్కిన నూనెని వెనక్కి రానివ్వదు. అలా 2 మిల్లీమీటర్ల చొప్పున పోగేసుకుంటూ పోవడమే. పని అయ్యాక పక్కన ఉన్న స్క్రూ వదులు చేస్తే నూనె మళ్లీ ట్యాంకులోకి పోయి కారు దిగుతుంది.

పోయిన ఏడాది నాకు తగిలిన దెబ్బ కూడా ఇక్కడే. చక్రం తీసి పక్కన పెట్టి, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి కారు రెండు వేళ్లు కిందికి దిగి ఉంది. స్క్రూ బిగించే ఉంది. గోళీ కింద చెత్త చేరినా, పిస్టన్ చుట్టూ ఉండే సీలు అరిగినా నూనె ఇలా కొద్దికొద్దిగా జారిపోతుంది. 1795లో ఇంగ్లండ్‌లో హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్న జోసెఫ్ బ్రామాకి కూడా పెద్ద తలనొప్పి ఈ సీలే. అందుకే కారు లేపిన వెంటనే కింద స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాకే చక్రం ముట్టుకుంటాను. జాకీ ఉన్నది లేపడానికి, మోయడానికి కాదు.

హ్యాండిల్ మెత్తగా, బరువు తగలకుండా ఆడుతుంటే మాత్రం అది మన బుడగే. స్క్రూ వదులు చేసి, బరువు లేకుండా పది పదిహేనుసార్లు ఆడిస్తే గాలి ట్యాంకులోకి పోతుంది.

రెండో చక్రానికి పిల్లల్ని లెక్కపెట్టమన్నాను. 10 సెంటీమీటర్లకి 50 సార్లు నొక్కాలి. వాడి లెక్క 54, పాప లెక్క 53. గోళీ మూతపడేలోపు ప్రతిసారీ కొంచెం నూనె వెనక్కి జారుతుంది, ఆ మూడో నాలుగో దానికి పోయాయన్నాను. 53, 54లలో ఏది నిజమన్నది మూడో చక్రం దగ్గర కూడా తేలలేదు.