బర్స్ట్‌లో మంచి ఫోటో ఏదో ఫోన్ చెప్తే నమ్మొచ్చా? | రివ్యూ

నమస్తే అందరికీ, మహబూబ్‌నగర్ నుంచి. ఈ ఫోన్‌ను కంపెనీ వాళ్లు రివ్యూ కోసం పంపించారు. డబ్బులేమీ తీసుకోలేదు, వాడిన తర్వాత తిరిగి పంపాలి. బ్యాటరీ, ప్రాసెసర్ సంగతులు మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్నది ఒక్క ఫీచరే. షట్టర్ బటన్ నొక్కి పట్టుకుంటే సెకనుకు పది ఫోటోలు వరసగా తీస్తుంది, దీన్నే బర్స్ట్ అంటారు, తర్వాత అందులో 'బెస్ట్ ఇదే' అని ఒకదానికి తనే గుర్తు పెడుతుంది.

మా అక్క బిడ్డను పిల్లలమర్రికి తీసుకుపోయాను. పాప చెట్ల నీడలో అటు ఇటు ఉరుకుతోంది, వెనక మర్రి ఊడలు, ఆకులు. 3x లెన్స్ పెట్టి బర్స్ట్ తీశాను. ఫోన్ ఏడో ఫ్రేమ్‌కు గుర్తు పెట్టింది. చిన్నగా చూస్తే చాలా బాగుంది. జూమ్ చేయండి, ఇదిగో. ఊడల మీది పగుళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి, పాప ముఖం మాత్రం మెత్తగా ఉంది.

ఇలాంటప్పుడు నేను చూసేది కంటిలో మెరిసే చుక్కను. ఆకాశం వెలుతురు కంటిపాప మీద పడి తెల్లగా మెరుస్తుంది కదా, అదే. ఏడో ఫ్రేమ్‌లో ఆ చుక్క ఉబ్బి పెద్ద మచ్చలా అయింది. అంటే ఫోకస్ ముఖం మీద లేదు, వెనక ఊడల మీదకు పోయింది. ఇప్పుడు ఐదో ఫ్రేమ్ చూడండి. ఇక్కడ చుక్క పక్కకు సాగి గీతైంది. ఇది ఫోకస్ తప్పు కాదు, పాప కదలడం వల్ల వచ్చింది. వివరాల్లో షట్టర్ 1/60 సెకను అని ఉంది. సెకనుకు రెండు మీటర్లు ఉరికే పిల్ల ఆ కాస్త టైంలోనే మూడు సెంటీమీటర్లు జరుగుతుంది. ఎండలో 1/500 వచ్చి ఉంటే నాలుగు మిల్లీమీటర్లే. ఒకవేళ వెనక ఊడలు కూడా అదే వైపు గీతలుగా సాగి ఉంటే, కదిలింది మన చెయ్యి అనుకోవాలి.

తొమ్మిదో ఫ్రేమ్‌లో పాప ఒక్క క్షణం ఆగి మావైపు తిరిగింది. చుక్క చిన్నగా, అంచు తేటగా ఉంది, కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. నా ఫోటో ఇదే. ఫోన్ దీన్ని పక్కన పెట్టడం చూసి నిజంగా కోపం వచ్చింది.

కారణం తెలుసుకుందామని ఏడో, తొమ్మిదో ఫ్రేములను కంప్యూటర్‌లో వేసి చూశాను. ఫోటో ఎంత షార్ప్‌గా ఉందో లెక్కగట్టడానికి పైథాన్‌లో OpenCV లైబ్రరీతో ఎక్కువగా వాడే పద్ధతి ఇది, ఇందులో gray అంటే నలుపు తెలుపులోకి మార్చిన ఫోటో:

```
cv2.Laplacian(gray, cv2.CV_64F).var()
```

పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాలు ఎంత గట్టిగా ఉంటే ఈ అంకె అంత పెరుగుతుంది. మొత్తం ఫోటోకు లెక్కిస్తే ఏడోది గెలిచింది, ఎందుకంటే ఊడలు, ఆకులు నిండా గీతలే. ముఖం వరకే కత్తిరించి లెక్కిస్తే తొమ్మిదోది గెలిచింది. ఈ ఫోన్ లోపల ఏం చేస్తుందో కంపెనీ చెప్పలేదు గానీ, ముఖానికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదని ఈ ఫోటోల్లోనే కనిపిస్తోంది. ఇంకోటి, చీకట్లో తీస్తే ఫోటో నిండా వచ్చే గింజల్లాంటి చుక్కలు కూడా ఈ అంకెను పెంచేస్తాయి. అందుకే రాత్రి ఫంక్షన్ హాల్లో తీసిన బర్స్ట్‌కు అంకెను నమ్మొద్దు, కన్నునే నమ్మండి.

మూసిన కళ్ల విషయంలో కొంత నయం. ఒక రెప్పపాటు సెకనులో పదో వంతు నుంచి నాలుగు పదో వంతుల దాకా ఉంటుంది. అంటే ఈ ఫోన్‌లో ఒకటి నుంచి నాలుగు ఫ్రేములు పోయినట్టే. గ్రూప్ ఫోటోకైతే బటన్‌ను కనీసం ఒక సెకను పట్టుకోండి. పూర్తిగా మూసిన కళ్లను ఫోన్ బాగానే పట్టేస్తోంది. సగం వాలిన రెప్పను వదిలేస్తోంది, కంటి నల్లగుడ్డు మీద రెప్ప ఎంత దిగిందో మనమే చూసుకోవాలి. అమ్మ గట్టిగా నవ్వితే కళ్లు సన్నబడతాయి, ఆ ఫ్రేమ్‌ను మాత్రం మూసిన కళ్లని తీసేస్తోంది! ఆ నవ్వు కోసమే కదా అసలు ఫోటో తీసింది.

నచ్చింది కూడా చెప్పాలి. రెండు ఫ్రేములు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో జూమ్ చేస్తే రెండోదీ అదే చోటికి జూమ్ అవుతుంది. నా పాత ఫోన్‌లో ఒక్కో ఫోటో తెరిచి, మళ్లీ కన్ను దాకా జూమ్ చేసి, ముందుది ఎలా ఉందో గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. ఇక్కడ ఒక్క నిమిషంలో తేలిపోతోంది. జూమ్ చేశాక బొమ్మ తేటపడేదాకా ఒక క్షణం ఆగండి, ముందు కనిపించేది ప్రివ్యూ మాత్రమే.

పిల్లల ఫోటోలు ఎక్కువ తీసేవాళ్లైతే ఈ పక్కపక్క జూమ్ కోసమే కొనండి, నేనైతే కొంటాను. కొన్న రోజే సెట్టింగ్స్‌లోకి పోయి 'బెస్ట్ మాత్రమే ఉంచు' అన్నది ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉండి ఉంటే ఆ తొమ్మిదో ఫ్రేమ్ నాకు దొరికేదే కాదు.